అద్దం మీది వాన చుక్కలు, మరకలు ఫోటోలోంచి తీసేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో వాన పడుతుండగా కిటికీ అద్దంలోంచి కొండారెడ్డి బురుజును ఫోటో తీశారనుకుందాం. బురుజు దాదాపు 300 మీటర్ల దూరంలో ఉంది. కిటికీకి 10 మీటర్లలో ఒక వేపచెట్టు, మధ్యలో రోడ్డు. అద్దం బయటి వైపు నిండా చుక్కలు, లోపలి వైపు ఎవరో చెయ్యి ఆనించిన మరక. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క ఫోటో చుట్టూనే తిరుగుతాయి. లెక్కలు మామూలు ఫోను ప్రధాన కెమెరాకు వేసినవి: 4000 పిక్సెళ్ల వెడల్పు ఫోటో, సుమారు 68 డిగ్రీల చూపు, లెన్స్ రంధ్రం 3 మిల్లీమీటర్లు.

చుక్క, మరక రెండూ అద్దం మీదివే కదా, రెండింటికీ ఒకే మందు పనిచేయదా?

పనిచేయదు. ఫోటోకు ఆ రెండూ చేసే హాని వేరు. వాన చుక్క ఒక చిన్న లెన్స్. దాని వెనకున్న దృశ్యాన్ని మొత్తంగా తలకిందులు చేసి తన లోపల ఇరికించుకుంటుంది. అందుకే చుక్క కింది భాగంలో ఆకాశం తెల్లగా, పై భాగంలో నేల నల్లగా కనిపిస్తాయి. రాతి గోడ మీద పడ్డ చుక్క తెల్లగానూ ఆకాశం మీద పడ్డది కాస్త నల్లగానూ ఉండేది ఇందుకే. అంటే ఆ చోట మీకు కావలసిన వెలుగు పోయి, వేరే చోటి వెలుగు వచ్చి కూర్చుంది. పోయినదాన్ని ఇంకో ఫోటోలోంచి తెచ్చుకోవాలి తప్ప, అక్కడే రంగులు సరిచేస్తే తిరిగి రాదు.

జిడ్డు మరక, దుమ్ము అలా కాదు. వెనకనుంచి వచ్చే వెలుగును కొంత తగ్గిస్తాయి, చుట్టుపక్కల వెలుగును చెదరగొట్టి ఒక పలచని తెర కలుపుతాయి. దృశ్యం అక్కడే ఉంది, తెర వెనక ఉంది. కలిసిన తెరను తీసివేసి, తగ్గినదాన్ని పెంచితే చాలా వరకు బయటపడుతుంది.

ఫోటోను పూర్తి సైజుకు పెంచి చూడండి. మచ్చ లోపల వెనకటి గీతలు, కొమ్మలు పాలిపోయైనా కొనసాగుతుంటే అది మరక. గీత మచ్చ అంచు దగ్గర తెగిపోయి లోపల వేరే రంగు ఉంటే అది చుక్క.

అదే కిటికీలోంచి పెద్ద కెమెరాతో తీస్తే చుక్కలు కనబడలేదు, ఫోనుతో తీస్తే కనబడ్డాయి. ఎందుకు?

లెన్స్ రంధ్రం వెడల్పులో తేడా. 50 మి.మీ. లెన్స్‌ను f/1.8 దగ్గర పెడితే రంధ్రం 28 మి.మీ. ఉంటుంది. 3 మి.మీ. చుక్క ఆ రంధ్రం వైశాల్యంలో ఒక శాతం కన్నా కొంచెం ఎక్కువే అడ్డుకుంటుంది, కాబట్టి ఫోటోలో దాని ఆనవాలు దాదాపు ఉండదు. ఫోను రంధ్రం 3 మి.మీ.లే. అదే చుక్క దాన్ని పూర్తిగా మూసేస్తుంది.

దీనిలోంచి ఒక ఉపయోగపడే నియమం వస్తుంది. దృశ్యం మీద ఫోకస్ ఉన్నప్పుడు, లెన్స్ రంధ్రం కన్నా చిన్న చుక్క ఎక్కడున్నా వెనకటి దృశ్యాన్ని పూర్తిగా దాచలేదు, మసక మాత్రమే చేస్తుంది. రంధ్రం కన్నా పెద్ద చుక్క మాత్రం మధ్యలో కొంత భాగాన్ని పూర్తిగా మింగేస్తుంది. 20 సెంటీమీటర్ల దూరంలోని అద్దం మీద 4 మి.మీ. చుక్క ఉంటే, ఫోటోలో మసక అంచులతో కలిపి దాని మచ్చ సుమారు 105 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. మధ్యలో ఒక 15 పిక్సెళ్లే పూర్తిగా పోతాయి. 7, 8 మి.మీ. చుక్కలైతే పోయేది చాలా ఎక్కువ.

ఇంకా ఆ కిటికీ దగ్గరే ఉన్నాను, వాన పడుతూనే ఉంది. ఎలా తీస్తే తర్వాత చుక్కలు తీసేయగలను?

ముందు లెన్స్‌ను మెత్తని పొడి గుడ్డతో తుడవండి. అద్దం లోపలి వైపు కూడా తుడవండి. చుక్కలు బయట ఉన్నాయి కాబట్టి వాటిని ముట్టుకోలేరు. ఇప్పుడు అద్దం మీద రెండు సెంటీమీటర్ల శుభ్రమైన జాగా ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే ఫోను లెన్స్‌ను సరిగ్గా దానికి ఎదురుగా, అద్దానికి ఆనించి తీయండి. లెన్స్ నుంచి అద్దం బయటి ముఖం ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటే, కెమెరా చూసే అద్దం ముక్క వెడల్పు సుమారు రెండు సెంటీమీటర్లే. ఆ ముక్కలో చుక్క లేకపోతే ఫోటోలోనూ ఉండదు. ఇంత సులువైన దారి దొరికినప్పుడు మిగతా ప్రశ్నలు చదవాల్సిన పని లేదు.

శుభ్రమైన జాగా లేకపోతే ఒక్కటి కాదు, తొమ్మిది ఫోటోలు తీయండి. తెర మీద బురుజును వేలితో నొక్కి పట్టుకుని ఫోకస్, వెలుగు రెండూ కదలకుండా లాక్ చేయండి. ఇది మరిచిపోతే ఫోను చుక్క మీద ఫోకస్ పెట్టేస్తుంది. అప్పుడు చుక్కలు స్పష్టంగా, బురుజు మసకగా వస్తాయి, ఆ ఫోటోను ఏ పద్ధతీ బాగు చేయలేదు. తర్వాత ఫోనును అదే దిక్కుకు చూపిస్తూనే, అటూ ఇటూ తిప్పకుండా, ఒకటిన్నర సెంటీమీటర్ల చొప్పున జరుపుతూ తీయండి: మూడు అడ్డంగా, ఒక మెట్టు కిందికి దించి మళ్లీ మూడు, ఇంకో మెట్టు దించి ఇంకో మూడు.

కొద్దిగా జరిపితే ఏమవుతుంది? బురుజు కూడా జరగదా?

పద్ధతి మొత్తం ఆ తేడా మీదే నిలబడింది. ఫోనును ఒకటిన్నర సెంటీమీటర్లు జరిపితే 20 సెంటీమీటర్ల దూరంలోని అద్దం మీది చుక్క ఫోటోలో దాదాపు 220 పిక్సెళ్లు జరుగుతుంది. మొదటి ఫోటో నుంచి ఆఖరి ఫోటో దాకా మొత్తం మూడు సెంటీమీటర్లు జరిపినా 300 మీటర్ల దూరంలోని బురుజు ఒక పిక్సెల్‌లో మూడో వంతు కూడా జరగదు. కాబట్టి తొమ్మిది ఫోటోలనూ బురుజు బురుజు మీద పడేలా ఒకదానిపై ఒకటి పేరిస్తే చుక్కలు మాత్రం ఒక్కో ఫోటోలో ఒక్కో చోట ఉంటాయి.

ఎంత జరపాలన్నది అద్దం దూరం మీద ఆధారపడదు. చుక్క వెడల్పు, లెన్స్ రంధ్రం వెడల్పు కలిపినంత కన్నా ఎక్కువ జరిపితే చాలు. 4 మి.మీ. చుక్కకు 7 మి.మీ. దాటాలి. ఒకటిన్నర సెంటీమీటర్లు అనడం కాస్త భద్రం కోసం. అంతకన్నా బాగా ఎక్కువ జరపడం మంచిది కాదు, ఎందుకంటే 10 మీటర్లలోని వేపచెట్టు అప్పటికే 9 పిక్సెళ్ల దాకా జరుగుతుంది. ఐదేసి సెంటీమీటర్లు జరిపారంటే కొమ్మలు కుప్పగా కలిసిపోతాయి.

తొమ్మిది ఫోటోలను ఎలా కలపాలి?

కంప్యూటర్‌లో Hugin, ImageMagick, GIMP ఉండాలి. మూడూ ఉచితమే. తొమ్మిది ఫోటోలను ఒక ఫోల్డర్‌లో పెట్టి, అక్కడ టెర్మినల్ తెరిచి ఇవి ఇవ్వండి:

```
align_image_stack -m -C -a s_ *.jpg
magick s_*.tif -evaluate-sequence median out.tif
```

మొదటి వరుస ఫోటోలను పేర్చి, అంచులు సమం చేసి `s_0000.tif` లాంటి పేర్లతో రాస్తుంది. రెండోది ప్రతి పిక్సెల్ దగ్గర తొమ్మిది విలువలనూ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసలో పెట్టి, సరిగ్గా మధ్యదాన్ని తీసుకుంటుంది. ఒక చోట తొమ్మిదింటిలో ఐదు ఫోటోలు శుభ్రంగా ఉంటే చాలు, మధ్య విలువ దాదాపు ఎప్పుడూ శుభ్రమైనదే అవుతుంది. సగటు తీయకండి. సగటులో ప్రతి చుక్క తన వంతు తొమ్మిదో భాగాన్ని వదిలిపోతుంది, ఫోటో అంతా మచ్చల తెరలా మిగులుతుంది. పాత ImageMagick అయితే `magick` బదులు `convert` అని ఇవ్వాలి.

పేర్పు సరిగ్గా రాలేదంటే సాధారణంగా కారణం ఒకటే: ప్రోగ్రాం పోలిక బిందువులను చుక్కల మీద పెట్టుకుంది. `s_0000.tif`, `s_0008.tif` రెండింటినీ GIMPలో లేయర్లుగా తెరిచి పైదాన్ని ఆర్పుతూ వెలిగిస్తూ చూడండి. బురుజు కదలకుండా చుక్కలు గెంతితే పేర్పు సరిగ్గా ఉంది. చుక్కలు నిలబడి బురుజు గెంతితే తప్పింది. అప్పుడు మొదటి వరుసలో `-t 1` కలిపి మళ్లీ నడపండి. పొంతన లేని బిందువులను అది ఇంకా కఠినంగా ఏరేస్తుంది.

అద్దం మీద చుక్కలు చాలా దట్టంగా ఉన్నాయి. తొమ్మిది ఫోటోలు సరిపోతాయా?

ఒక్కో ఫోటోలో చుక్కల మచ్చలు ఐదో వంతు మేర ఉంటే, కలిపాక సుమారు 2 శాతం చోట్లే మిగులుతాయి. వాటిని చేత్తో దిద్దుకోవచ్చు. మచ్చలు మూడో వంతు ఉంటే తొమ్మిది ఫోటోలతో 14, 15 శాతం మిగిలిపోతుంది, అది ఎక్కువే. అలాంటప్పుడు ఐదు వరసల్లో ఐదేసి చొప్పున 25 తీయండి, మిగిలేది 4 శాతం దగ్గరికి వస్తుంది. సగం మచ్చలే అయితే ఎన్ని తీసినా లాభం లేదు. మధ్య విలువకు పుంజుకునే దారి లేదు. గాలి వాటానికి చుక్కలు కలిసి జారిపోయే దాకా ఆగడం మేలు. నీరు ధారలుగా జారిపోయాక అద్దం మీద పలచని పొర మాత్రమే ఉండే నిమిషాలు కొన్ని వస్తాయి, అప్పుడు తీయండి.

కలిపాక చుక్కలు పోయాయి, కానీ వేపచెట్టు ఆకులు అలికినట్టయ్యాయి, రోడ్డు మీది ఆటో మాయమైంది.

ఆకులు గాలికి ఊగుతాయి, ఆటో కదులుతుంది. తొమ్మిదిలో ఎక్కువ సార్లు ఒకే చోట లేనిది ఏదైనా మధ్య విలువలో మిగలదు. అందుకే కలిపిన ఫోటోను అసలు ఫోటోగా కాక, అతుకు గుడ్డగా వాడటమే మా సలహా. పేర్చిన తొమ్మిదింటిలో అన్నిటికన్నా శుభ్రంగా ఉన్న ఒక్కదాన్ని GIMPలో కింద లేయర్‌గా పెట్టండి. దాని పైన `out.tif` పెట్టి, ఆ లేయర్‌కు Add Layer Mask లో Black (full transparency) ఎంచుకోండి. పై లేయర్ పూర్తిగా కనబడకుండా పోతుంది. ఇప్పుడు మెత్తని అంచున్న తెల్ల బ్రష్‌తో, మచ్చకన్నా కొంచెం పెద్ద సైజులో, 105 పిక్సెళ్ల మచ్చకు 130 పెట్టుకుని, ఒక్కో చుక్క మీద మాస్క్‌లో అద్దండి. చుక్క ఉన్నచోట మాత్రమే కలిపిన ఫోటో బయటికి వస్తుంది. ఆకులు, ఆటో అలాగే ఉంటాయి.

ఆటో మీదే చుక్క పడితే? అక్కడ కలిపిన ఫోటోలో ఉన్నది ఖాళీ రోడ్డు, కాబట్టి అద్దకూడదు. ఆ చుక్కను ఉంచండి, లేదా ఆటో మొత్తాన్నీ తీసేయండి. సగం ఆటో మిగలడం కన్నా ఆ రెండూ నయం.

అద్దం మీద చెయ్యి ఆనించిన మరకను ఎలా తీయాలి?

అరచేతి మరక ఆరేడు సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ఒకటిన్నర సెంటీమీటర్ల జరుగుడుకు లొంగదు. దృశ్యంలో పోలిక బిందువులు రెండు ఎంచుకోవాలి: మరక వెనక పడ్డ ఒక నల్లని చోటు, ఒక తెల్లని చోటు. వాటితోపాటు మరక లేని భాగంలో అలాంటివే ఇంకో రెండు. చెట్టు నీడ, మబ్బు ఆకాశం చాలా బాగా పనికొస్తాయి. GIMPలో Pointer కిటికీ తెరిచి, ఆ చోట్ల మీద మౌస్ పెట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు 0 నుంచి 255 దాకా ఉండే లెక్కలో రాసుకోండి.

ఎరుపు ఉదాహరణ చూద్దాం. శుభ్రమైన భాగంలో నీడ 12, ఆకాశం 225. మరక వెనక నీడ 46, ఆకాశం 205. అంటే మరక వల్ల నలుపు పైకి తేలింది, తెలుపు కిందికి దిగింది. మొదట 213 మెట్లున్న తేడా 159కి కుదించుకుపోయింది. దాన్ని తిరిగి సాగదీయాలంటే 213ను 159తో భాగించండి, 1.34 వస్తుంది. నలుపు హద్దు: 46 లోంచి 12ను 1.34తో భాగించిన 9 తీసేస్తే 37. తెలుపు హద్దు: 37కు 255ను 1.34తో భాగించిన 190 కలిపితే 227. ఫోటో లేయర్‌కు నకలు తీసి, ఆ నకలులో Colors → Levels తెరిచి Red ఎంచుకుని, Input Levels లో ఎడమ 37, కుడి 227 పెట్టండి. 16 బిట్ ఫోటోలో ఆ గళ్లు 0 నుంచి 100 దాకానే ఉంటే, రెండింటినీ 2.55తో భాగించి 14.5, 89 పెట్టండి. Green, Blue లకు కూడా వాటి వాటి విలువలతో ఇదే లెక్క. మూడు రంగులకూ ఒకే సంఖ్యలు పెట్టకండి. అనంతపురం వైపు ఎర్ర దుమ్ము పట్టిన అద్దంలో తెర ఎరుపు వైపు ఎక్కువగా ఉంటుంది. అన్నిటికీ ఒకే లెక్క వేస్తే మరక పోయి దాని ఆకారంలో ఇటుక రంగు మిగులుతుంది.

తర్వాత ఆ నకలుకు నల్ల మాస్క్ పెట్టి, బాగా పెద్ద మెత్తని బ్రష్‌తో, Opacity 20 శాతంలో ఉంచి, మరక మధ్యలో నాలుగైదు సార్లు, అంచుల్లో ఒకటి రెండు సార్లు అద్దండి. మరక అంతటా ఒకే మందం ఉండదు, అందుకే ఒక్కసారిగా నింపేస్తే అంచు తెలిసిపోతుంది. మధ్యస్థ వెలుగు ఇంకా తేడాగా ఉంటే Levels నడిమి త్రికోణాన్ని కొంచెం జరపండి. ఈ సాగదీతలో గరుకు కూడా మూడో వంతు పెరుగుతుంది, అది ఎక్కువ గుచ్చుతుంటే ఆ భాగానికి మాత్రమే నాయిస్ తగ్గించండి. మొదలుపెట్టే ముందే Image → Precision లో 16 బిట్‌కు మార్చుకోకపోతే ఆకాశంలో మెట్లు మెట్లుగా గీతలు పడతాయి.

మరక అద్దం మీద కాదు, ఫోను లెన్స్ కవర్ మీదే ఉంది. అప్పుడు?

లెన్స్‌కు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న జిడ్డు మచ్చగా కనిపించదు, ఫోటో మొత్తాన్నీ పాలిపోయేలా చేస్తుంది. ఫోనుతోపాటే కదులుతుంది కాబట్టి జరిపి తీసే పద్ధతి దానికి పనిచేయదు. పగటి ఫోటో అయితే పైన చెప్పిన Levels లెక్కను మాస్క్ లేకుండా మొత్తానికీ వేస్తే చాలా వరకు బాగుపడుతుంది. రాత్రి ఫోటోలో దీపాల నుంచి పొడుగ్గా సాగిన వెలుగు చారలను మాత్రం తీయలేం. ఆ చారలు వేలు రాసుకుపోయిన దిశకు అడ్డంగా వస్తాయి. తెల్లగా నిండిపోయిన చోట వెనక ఏముందో ఫైలులోనే లేదు.

నా దగ్గర ఒకే ఒక్క ఫోటో ఉంది. మళ్లీ తీయలేను.

చిన్న చుక్కలు ఆకాశం, గోడ, నేల మీద పడితే GIMPలో Heal (H) చాలు. Ctrl పట్టుకుని పక్కన అలాంటి శుభ్రమైన చోటు నొక్కి, చుక్క మీద అద్దండి. ఆకాశం, గోడ కలిసే అంచు మీద చుక్క ఉంటే Heal రెండు రంగులనూ కలిపి పులుముతుంది. అక్కడ Clone (C) తో, అదే అంచు మీదే ముందుకున్న చోటును మూలంగా తీసుకుని, గీత గీతకు కలిసేలా దిద్దండి.

అక్షరాలు, ముఖం, బండి నంబరు మీద పడ్డ చుక్కను ఇలా దిద్దకండి. అక్కడ మీరు పెట్టేది ఊహే. ఒక్క ఫోటోలోంచి చుక్కలు తీసే నాడీజాల ప్రోగ్రాములకూ ఇదే పరిమితి. 2013లో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎయిగెన్, కృష్ణన్, ఫెర్గస్ ఈ పని చూపించారు. ఒకే దృశ్యాన్ని మురికి అద్దంతో ఒకసారి, శుభ్రంగా ఒకసారి తీసిన జంటలతో అలాంటి ప్రోగ్రాం నేర్చుకుంటుంది. మింగేసిన చోట అది నింపేది చుట్టూ ఉన్నదాన్ని బట్టి వేసిన అంచనాయే. వేరుశనగ పంట నష్టం, బండి ప్రమాదం లాంటి వాటికి రుజువుగా ఇచ్చే ఫోటో అయితే చుక్కలతో ఉన్న అసలు ఫైలునే ఇవ్వండి.

రైల్లోంచి నల్లమల తీస్తే ఇదే పద్ధతి పనికొస్తుందా?

పనికొస్తుంది, చేతిని కదపాల్సిన పని కూడా రైలే చేస్తుంది. కాకపోతే తొందరపడి వరుసగా నొక్కేస్తే సరిపోదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు కిలోమీటర్ల దూరంలోని కొండ ఫోటోలో సెకనుకు 25 పిక్సెళ్లే జరుగుతుంది, చుక్క మచ్చ వెడల్పు 105. కాబట్టి ఫోటోకు ఫోటోకు ఐదారు సెకన్లు ఆగాలి, లేదా ఫోనును కూడా జరుపుతూ తీయాలి. దగ్గరి చెట్లు, స్తంభాలు కలిపిన ఫోటోలో అలికినట్టవుతాయి. కింది లేయర్‌గా ఒకే ఫోటో పెట్టుకుని, కొండ, ఆకాశం మీది చుక్కలు మాత్రమే అద్దుకోండి.

బండల పాలిషింగ్ యూనిట్‌లోని సీసీ కెమెరా కవర్ మీద దుమ్ము పేరుకుంది. రికార్డింగ్‌ను బాగు చేయవచ్చా?

మధ్య విలువ ఇక్కడ పూర్తిగా విఫలమవుతుంది. కెమెరా కదలదు, కవర్ కదలదు, గోడ కదలదు, కాబట్టి మచ్చ కూడా ప్రతి ఫ్రేములోనూ అదే చోట ఉంటుంది. పగటి రికార్డింగ్‌లో తెరను Levels తరహా సవరణతో కొంత తగ్గించవచ్చు. రాత్రిపూట కెమెరా సొంత ఇన్‌ఫ్రారెడ్ దీపాల వెలుగు దుమ్ము మీద పడి వెనక్కి తిరిగి లెన్స్‌లోకి వస్తుంది, ఆ తెల్లటి పొగ వెనక దాదాపు ఏమీ మిగలదు. కవర్ శుభ్రం చేయడమే దారి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పొడిని పొడి గుడ్డతో రుద్దకండి, రాతి రేణువులు ప్లాస్టిక్‌ను గీసేస్తాయి. ముందు నీళ్లు పోసి కడిగి, తడి మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తకుండా తుడవండి. స్పిరిట్, థిన్నర్ వాడితే యాక్రిలిక్ కవర్ మీద సన్నని పగుళ్లు వస్తాయి.

కిటికీ మీద చుక్కలు ఎండి తెల్లని వలయాలుగా మిగిలాయి. అవి చుక్కలా, మరకలా?

ఫోటోకు సంబంధించినంత వరకు మరకలే. బోరు నీటిలోని సున్నపు లవణాలు చుక్క అంచున పేరుకుని వలయం కడతాయి. వలయం మధ్యలో దృశ్యం శుభ్రంగానే ఉంటుంది. వలయం మీద మాత్రమే సన్న బ్రష్‌తో Levels నకలును అద్దండి. కిటికీ మీద వాటిని తీయాలంటే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డతో ఐదు నిమిషాలు తడిగా ఉంచి తుడిస్తే కరుగుతాయి. ఫోను లెన్స్ మీద మాత్రం ఆ ద్రవం వాడకండి, దాని పై పూత దెబ్బతినవచ్చు.